డెమో దుకాణంలో, ఆర్డర్ ఫోన్‌లో

వాటర్ ప్యూరిఫయర్ కొనేవాళ్లు దుకాణంలో చాలాసేపే నిలబడతారు. బోరు నీళ్లకు ఏది పనికొస్తుంది, ఫిల్టర్ ఎన్నాళ్లకు మార్చాలి, మార్చిన ప్రతిసారీ ఎంతవుతుంది, అన్నీ అడుగుతారు. డీలర్ ఓపిగ్గా చెబుతాడు. చివరికి "ఇంట్లో అడిగి వస్తామండీ" అని బయటికొచ్చి, అదే మోడల్‌ను కంపెనీ సొంత వెబ్‌సైట్లో వెయ్యి తక్కువకు ఆర్డర్ పెట్టేస్తారు. తక్కువకు దొరికితే ఎవరైనా అక్కడే కొంటారు. కానీ నాలుగుసార్లు ఇలా జరిగాక డీలర్ ఆ బ్రాండ్‌ను వెనక అరలోకి నెట్టి, పోటీ కంపెనీ సరుకును ముందు పెడతాడు. నోరు తెరిచి గొడవ చేసే డీలర్ కంటే ఇలా మౌనంగా పక్కకు జరిగేవాడితోనే కంపెనీకి ఎక్కువ నష్టం.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే. తెనాలిలో ఒక డీలర్ ప్యూరిఫయర్‌ను 13,000 రూపాయలకు కొని 14,500కు అమ్ముతున్నాడు. కంపెనీ వెబ్‌సైట్లో దాని ధర 13,499. డీలర్‌కిచ్చే ధర కంటే 499 ఎక్కువే కదా అని కంపెనీ అనుకుంటుంది. అందులోంచే ప్యాకింగ్, రవాణా, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము, గోడకు బిగించే మనిషి కూలి, వెనక్కొచ్చే సరుకు ఖర్చు పోవాలి. అన్నీ పోయాక డీలర్‌కు అమ్మితే మిగిలేంత కూడా మిగలకపోవచ్చు. అంటే డీలర్‌ను దూరం చేసుకుని మరీ తక్కువ సంపాదిస్తోంది.

పైకి ఇది ధర తగాదాలా కనిపిస్తుంది. అసలు తగాదా కూలి దగ్గర. సరుకు చూపించి, నమ్మకం కలిగించిన పనికి డీలర్‌కు దక్కింది సున్నా. అందుకే పరిష్కారం కూడా అక్కడే మొదలవ్వాలి. వెబ్‌సైట్ ధరను 14,499కి పెంచి, తెనాలి పిన్‌కోడ్ నుంచి వచ్చే ప్రతి ఆన్‌లైన్ ఆర్డర్‌నూ ఆ డీలర్‌కే అప్పగించాలి. బిగించినందుకు 400, తన ప్రాంతపు అమ్మకం కాబట్టి మరో 500 ఇవ్వాలి. సరుకు మీద అతను డబ్బు పెట్టలేదు కనుక పూర్తి 1,500 ఇవ్వనక్కర్లేదు. కంపెనీకి మిగిలిన 599లో రవాణా, చెల్లింపు రుసుము సర్దుకోవచ్చు. ఈ 900 నెలనెలా ఖాతాలో పడాలి. ఆరు నెలలకో క్రెడిట్ నోట్ అంటే డీలర్ దాన్ని లెక్కలోకే తీసుకోడు.

అయితే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆన్‌లైన్లో చవకగా కనిపించేదంతా కంపెనీ అమ్మేది కాదు. మూడు నెలల టార్గెట్ దాటితే అదనపు స్కీము దక్కుతుందని ఎక్కడో ఒక పెద్ద డీలర్ అవసరానికి మించి సరుకెత్తి, మిగిలింది ఏదో ఒక ఆన్‌లైన్ అంగట్లో కొన్న ధరకే వదిలేస్తాడు. ఒక పీసు కొని సీరియల్ నంబరు చూస్తే అది ఏ డీలర్ బిల్లులో వెళ్లిందో బయటపడుతుంది. అప్పుడు మార్చాల్సింది వెబ్‌సైట్‌ను కాదు, స్కీమును.

"ఇంతకు తగ్గించి అమ్మొద్దు" అని డీలర్లందరికీ హుకుం జారీ చేస్తే సరిపోదా? అది ప్రమాదం. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లకు హద్దు గీసి, దొంగ కస్టమర్లను పంపి నిఘా పెట్టి, మీరినవాళ్లకు జరిమానా వేసిందన్న కేసులో మారుతీ సుజుకీకి కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో 200 కోట్ల జరిమానా విధించింది. తన వెబ్‌సైట్ ధర కంపెనీ చేతిలో ఉంటుంది. డీలర్ కొనుక్కున్న సరుకు ధర అలా ఉండదు.

సరుకు డీలర్‌ది కాకపోతే సంగతి వేరు. అదే ఏడాది అక్టోబరులో మెర్సిడెస్ బెంజ్ ఇండియా ఆ దారి పట్టింది. కార్ల స్టాకు కంపెనీదే, బిల్లూ కంపెనీదే, దేశమంతా ఒకే ధర. షోరూములు కారు చూపించి, అప్పగించి, కమీషన్ తీసుకుంటాయి. బేరం లేదు కాబట్టి పక్క ఊరి షోరూముతో పోటీ కూడా లేదు. కానీ స్టాకు పెట్టుబడి మొత్తం కంపెనీ నెత్తినే పడుతుంది. కొద్ది షోరూములున్న ఖరీదైన కార్లకు కుదిరింది కదా అని, వేల దుకాణాల్లో అమ్ముడయ్యే ప్యూరిఫయర్‌కు కుదరదు.

మార్పు పనిచేసిందో లేదో పిన్‌కోడ్‌ల వారీగా చూడాలి. తెనాలిలో దుకాణం, ఆన్‌లైన్ కలిపి మొత్తం అమ్మకం పెరిగితే వెబ్‌సైట్ కొత్త కొనుగోలుదారులను తెస్తున్నట్టు. మొత్తం కదలకుండా దుకాణం అమ్మకం తగ్గి ఆన్‌లైన్ పెరిగితే, ఒక జేబులోది తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టే. మొత్తమే తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ దుకాణానికి మనిషిని పంపి, ముందు అరలో ఏ బ్రాండ్ ఉందో చూసి రమ్మనాలి.