అలసిపోయేది కరుణ కాదు

2007లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మత్యూ రికార్ ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్నారు. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టి, జన్యుశాస్త్రంలో డాక్టరేట్ చేసి, తర్వాత హిమాలయాలకు వచ్చి బౌద్ధ భిక్షువయ్యారు. మెదడు పరిశోధకురాలు టానియా సింగర్ ముందు ఆయన్ను కరుణపై ధ్యానం చేయమన్నారు. ఇతరుల నొప్పి చూసినప్పుడు మామూలుగా చురుకయ్యే మెదడు భాగాలు ఆయనలో అంతగా చురుకవలేదు. దాంతో ఆమె ఇంకో పని అడిగారు: కరుణను పక్కన పెట్టి, బాధను మాత్రమే పంచుకోమన్నారు.

ముందురోజు సాయంత్రం ఆయన రొమేనియాలోని వికలాంగ అనాథ పిల్లలపై బీబీసీ తీసిన డాక్యుమెంటరీ చూశారు. ఆ పిల్లల్నే తలుచుకుని, వాళ్ల బాధ తనదే అన్నట్టు అనుభవించసాగారు. గంట గడవబోయేసరికి ఆయనలోని సత్తువంతా ఇంకిపోయింది. ఆపేస్తారా, కరుణకు మళ్లుతారా అని అడిగితే కరుణకే మళ్లారు. మనసులో అవే దృశ్యాలు, బాధా అలాగే ఉంది. కానీ ఈసారి ఆ పిల్లల వైపు ఆప్యాయత పొంగిందని, దగ్గరికి వెళ్లగలిగే బలం వచ్చిందని ఆయన చెప్పారు.

ఈ తేడా తెలియాలంటే కాలిన గాయాల వార్డులోకి వెళ్దాం. నర్సు ఒక పెద్దాయనకు కట్టు మారుస్తోంది. తలుపు దగ్గర నిలబడి ‘అయ్యో పాపం’ అనుకునే బంధువుది సానుభూతి. అది నిజమైన భావమే, కానీ కాస్త దూరం నుంచి పుడుతుంది. ఆయన్ను భయపెడుతున్నది నొప్పి ఒక్కటే కాదని, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం కూడా అని నర్సు కనిపెడుతుంది. ‘బాబాయ్, ఇప్పుడు తీస్తున్నా. ఆపమంటే ఆపుతాను’ అంటుంది. ఇలా ఎదుటివారి మనసును చదవడాన్ని శాస్త్రవేత్తలు కాగ్నిటివ్ ఎంపతీ అంటారు. ఆయన మూలిగినప్పుడు ఆమె కడుపులోనూ ఏదో మెలిపెడితే అది అఫెక్టివ్ ఎంపతీ, అంటే ఎదుటివారి భావం మనలోకి పాకడం.

ఈ రెండూ ఎప్పుడూ కలిసే ఉండవు. ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో ఫోన్ చేసే మోసగాడు అవతలి మనిషి భయాన్ని అంగుళం అంగుళం కనిపెడతాడు, ఎక్కడ గద్దించాలో ఎక్కడ బుజ్జగించాలో అతనికి బాగా తెలుసు. ఆ భయం మాత్రం అతన్ని తాకదు. మరోవైపు, ఆటిజం ఉన్న చాలామందికి ఎదుటివారి మనసులో ఏముందో పోల్చుకోవడం కష్టం కావచ్చు. అలాగని వారికి మనసు కరగదనుకోవడం అన్యాయం. ఎదుటివారు బాధలో ఉన్నారని తెలిశాక వారిలో ఎందరో ఇతరుల్లాగే చలించిపోతారు.

బాధ పాకడమంటే ఏమిటో సింగర్ 2004లోనే లండన్‌లో పరిశీలించారు. ప్రేమలో ఉన్న జంటల్లో స్త్రీల మెదడును స్కాన్ చేస్తూ, ఒకసారి వాళ్ల చేతికి, ఒకసారి భాగస్వామి చేతికి నొప్పి పుట్టేలా కరెంటు తగిలించారు. నొప్పి ఎంత దుర్భరంగా ఉందో తెలిపే భాగాలు రెండు సందర్భాల్లోనూ చురుకయ్యాయి. నొప్పి ఒంట్లో ఎక్కడ పుట్టిందో గుర్తించే భాగాలు మాత్రం తమకు కరెంటు తగిలినప్పుడే పనిచేశాయి. అంటే మనం పంచుకునేది గాయాన్ని కాదు, దాని వేదనను.

ఆ వేదన హద్దు మీరితే నర్సు చేతులు తొందరపడతాయి. అంటుకున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి నానేదాకా ఆగలేక లాగేస్తుంది, లేదా ఆ పని మరొకరికి అప్పగించి బయటికి వెళ్లిపోతుంది. ఆ క్షణంలో ఆమె ఆపాలనుకుంటున్నది పెద్దాయన బాధను కాదు, తన బాధను. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని వ్యక్తిగత వ్యథ అంటారు. దీన్ని గుర్తుపట్టే ఆనవాలు అదే: అక్కణ్నుంచి తప్పుకోవాలని అనిపించడం. కరుణలో చూపు ఎదుటి మనిషి మీదే నిలుస్తుంది. ఈ నొప్పి తగ్గించడానికి ఏం చేయాలన్న ఆలోచన వస్తుంది. గుడ్డ నానేదాకా ఆగే ఓపిక అక్కడిదే.

సింగర్, ఓల్గా క్లిమెకి బృందం తర్వాత మామూలు స్త్రీలకు ముందు బాధను పంచుకోవడంలో, ఆపైన కరుణలో శిక్షణ ఇచ్చింది. మొదటి శిక్షణ తర్వాత ఇతరుల కష్టాల వీడియోలు చూస్తే వారిలో వ్యాకులత పెరిగింది, మామూలు దృశ్యాలు చూసినా మనసు బరువెక్కింది. కరుణ శిక్షణ తర్వాత ఆ వ్యాకులత మునుపటి స్థాయికి తగ్గింది, ఆప్యాయతలాంటి మంచి భావాలు పెరిగాయి. మెదడులోనూ వేరే భాగాలు చురుకయ్యాయి. అందుకే, సేవచేసేవారి అలసటకు కరుణను తప్పుపట్టడం సరికాదని వారి వాదన. నాకూ అదే నిజమనిపిస్తుంది.

అయితే వాళ్లు తెర మీద వీడియోలు చూసిన కొద్దిమంది, రాత్రి డ్యూటీ చేస్తున్నవాళ్లు కారు. కరుణతో కట్టు విప్పడానికి ముందుగా ఆ గుడ్డ నానేంత సమయం ఉండాలి. పక్క మంచాల నుంచి ఒకేసారి నలుగురు పిలుస్తుంటే ఆ సమయం ఇవ్వాల్సింది ధ్యానం కాదు, డ్యూటీలో ఉండే ఇంకో నర్సు.