499 ప్లాన్‌కి 942 రూపాయల బిల్లా?

ఒక పోస్ట్‌పెయిడ్ వినియోగదారుడికి నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చేది. 2013 నవంబరు 8 నుంచి డిసెంబరు 7 వరకు నడిచిన నెలకు మాత్రం 24,609 రూపాయల 51 పైసలు కట్టమన్నారు. ఆయన అహ్మదాబాద్ జిల్లా వినియోగదారుల ఫోరం మెట్లెక్కారు. ఫోన్ బిల్లు తగాదాలు వినే అధికారం ఫోరానికి లేదని కంపెనీ అడ్డుపడింది. బిల్లు తప్పా ఒప్పా అన్నది పక్కకు పోయి, ఆ ఒక్క ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు చెప్పింది: ఫోరానికి వెళ్లవచ్చు.

ఇరవై నాలుగు వేలు పడితే ఎవరైనా బిల్లు తెరిచి చూస్తారు. తొంభై తొమ్మిది రూపాయలు అదనంగా పడితేనే చూడరు. ఆటోపే పెట్టుకున్నవారైతే బిల్లు మెయిల్‌ను అసలు ముట్టుకోరు. అందుకే చిన్న బిల్లునే వరస వరసగా చదువుదాం.

నరసరావుపేటలో ఒక రిటైర్డ్ మాస్టారు జూన్ 20న 499 రూపాయల ప్లాన్ తీసుకున్నారనుకుందాం. పన్ను కలిపి 589 వస్తుందని షాపులో చెప్పారు. జూలై 7న వచ్చిన మొదటి బిల్లు 942 రూపాయల 12 పైసలు. మోసమేనని మాస్టారు తీర్మానించేశారు. కానీ కాదు.

కిటుకంతా రెంటల్ దగ్గర ఉంది. మన దేశంలో చాలా పోస్ట్‌పెయిడ్ ప్లాన్లలో రెంటల్ ముందుగా తీసుకుంటారు, వాడకం ఖర్చు తర్వాత వేస్తారు. అంటే ఒకే కాగితం మీద రెండు వేర్వేరు నెలలుంటాయి. మాస్టారి బిల్ సైకిల్ ప్రతి నెలా 8 నుంచి మరుసటి నెల 7 వరకు. జూన్ 20 నుంచి జూలై 7 వరకు 18 రోజులు. ముప్పై రోజుల సైకిల్‌కు 499 అయితే 18 రోజులకు 299.40. దానికి తోడు జూలై 8 నుంచి ఆగస్టు 7 వరకు ముందస్తుగా మరో 499. మొత్తం 798.40. పన్ను వేస్తే 942.12. రెంటల్ పక్కన చిన్న అక్షరాల్లో ‘నుంచి - వరకు’ తేదీలుంటాయి. బిల్లులో ముందు చదవాల్సింది అంకెలను కాదు, ఆ తేదీలను. రెండో నెల నుంచీ కూడా ఇలాగే రెండు రెంటళ్లు కనిపిస్తే అప్పుడు అనుమానించాలి.

నెల మధ్యలో ప్లాన్ మార్చినా ఇదే లెక్క. ముందే కట్టేసిన పాత రెంటల్‌లో మిగిలిన రోజుల వాటా మైనస్ గుర్తుతో రావాలి, అవే రోజులకు కొత్త ప్లాన్ వాటా ప్లస్‌గా రావాలి. ప్లస్ వరస ఉండి మైనస్ వరస లేకపోతే, ఆ రోజులకు రెండుసార్లు కట్టినట్టే.

పన్ను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 2017 జూలై 1 నుంచి టెలికాం సేవలపై జీఎస్టీ 18 శాతం. అది సీజీఎస్టీ 9, ఎస్జీఎస్టీ 9గా విడిపోయి కనిపిస్తుంది. ఏ రాష్ట్రం ఖాతాలోకి అన్నది బిల్లు మీదున్న చిరునామాను బట్టి. టెలికాం లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ నేటికీ ఒకే సర్కిల్ అయినా, పన్ను లెక్కలో వేర్వేరు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మారి చిరునామా మార్చుకోకపోతే ఎస్జీఎస్టీ ఆంధ్రకే జమ అవుతుంది. జేబులోంచి పోయేది మాత్రం అంతే. ఒకటి గుర్తుంచుకోవాలి: గడువు దాటాక వేసే ఆలస్య రుసుము మీద కూడా ఈ 18 శాతం పడుతుంది.

ఇక ఆగస్టు 7 నాటి రెండో బిల్లు. రెంటల్ 499, తేదీలు సరిగ్గానే ఉన్నాయి. కింద వాడకం వరసల్లో ఐఎస్‌డీ 60 రూపాయలు. దుబాయ్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడింది 4 నిమిషాల 10 సెకన్లు. నిమిషానికి 12 రూపాయల రేటు అనుకుంటే యాభై రావాలి కదా? ఆ టారిఫ్‌లో పల్స్ నిమిషం. పది సెకన్లు మీరినా ఐదో నిమిషం మొత్తానికీ కట్టాలి. ‘అన్‌లిమిటెడ్’ అనే మాట దేశంలోని కాల్స్‌కే వర్తిస్తుంది. విదేశీ కాల్స్, ప్యాక్ వేసుకోకుండా చేసే విదేశీ రోమింగ్ దాని బయటే.

ఆ తర్వాతి వరసలో 99 రూపాయలు. పక్కన ఫోన్ నంబరు లేదు, నిమిషాలు లేవు, ఏదో గేమ్స్ సబ్‌స్క్రిప్షన్ పేరు మాత్రం ఉంది. మాస్టారికి ఆ ఆటలేవో తెలియవు. ఇలాంటి విలువ జోడింపు సేవల ఆనవాళ్లు ఇవే: పక్కన కాల్ వివరం ఉండదు, పైగా ప్రతి నెలా అంతే మొత్తం పడుతుంటుంది. వినియోగదారుడి నుంచి రెండోసారి ధ్రువీకరణ తీసుకోకుండా వీటిని మొదలుపెట్టకూడదని ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. ఆపించుకోవడానికి 155223 అనే ఉచిత నంబరు ఉంది. అయితే ఆపడం వేరు, పోయిన డబ్బు రాబట్టడం వేరు. రెండోదానికి ఫిర్యాదు పెట్టాలి.

మాస్టారు 776.44 కట్టేసి ఫిర్యాదు చేశారు. కంపెనీ ఒప్పుకుంది. సెప్టెంబరు బిల్లులో ‘సర్దుబాట్లు’ అనే గడిలో మైనస్ అంకె వచ్చింది. చాలామంది 99 చూసి తృప్తిపడేది ఇక్కడే. ఆ 99 మీద ఆయన 17.82 పన్ను కూడా కట్టారు. కనుక వెనక్కి రావాల్సింది 116.82. ఈ నెల రెంటల్, పన్ను కలిపి 588.82లోంచి అది తీసేస్తే కట్టాల్సింది సరిగ్గా 472 రూపాయలు. బిల్లులో 489.82 అని ఉంటే, అసలు మాత్రమే ఇచ్చి పన్ను ఉంచుకున్నారని అర్థం.

దీన్ని కనిపెట్టాలంటే మైనస్ అంకె ఎక్కడుందో చూస్తే చాలు. పన్ను వరసకు పైన, ఈ నెల ఛార్జీల్లో తగ్గించి ఉంటే 99 అన్నా సరే, పన్ను దానంతటదే తగ్గుతుంది. పన్ను వరస దాటాక, పాత బాకీ, చెల్లింపుల పక్కన ఉంటే మాత్రం పన్నుతో కలిపిన మొత్తం ఉండాలి. ఇంత చిన్న తేడాను కంపెనీలు బిల్లులో విడమరిచి రాయకపోవడం బాగోలేదు.

సర్దుబాటు ఎప్పటికి రావాలన్నదానికీ నిబంధన ఉంది. ఫిర్యాదు పరిష్కారమైన వారంలోగా ఖాతాలో జమ చేయాలి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పడిపోతే, ఆ జిల్లా పోస్ట్‌పెయిడ్ ఖాతాలకు ఆ మేరకు రెంటల్ తగ్గించాలి. ప్రకృతి వైపరీత్యమైతే ఇది వర్తించదు. మీ జిల్లాలో అలా జరిగి ఉంటే, తర్వాతి బిల్లులో వెతకాల్సింది ఈ గడిలోనే.

ఫిర్యాదుకు నంబరు 198. మాట్లాడాక డాకెట్ నంబరు ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. దాన్ని బిల్లు మీదే రాసిపెట్టుకోండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఉచితంగా రాయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారమైతే అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.