స్కూటరు ముందు టైరుకు తక్కువ గాలి ఎందుకు?

బంకులో కుర్రాడు "ఎంత కొట్టాలి సార్?" అంటే, చాలామంది "రెండిటికీ ముప్పై అయిదు కొట్టెయ్" అనేసి ఫోన్లోకి తల దూరుస్తారు. గాలి గట్టిగా ఉంటే మైలేజీ వస్తుందని ధీమా. కానీ యాక్టివా లాంటి స్కూటరుకు కంపెనీ చెప్పే లెక్క వేరు: ముందు 22 పీఎస్ఐ, వెనక 29, ఇద్దరెక్కితే వెనక 36.

బైకుకు ఇంజను రెండు చక్రాల మధ్య ఉంటుంది. స్కూటరుకేమో సీటు కింద, వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. నడిపేవాళ్లు కూర్చునేదీ వెనక్కే. రెండో మనిషి బరువు దాదాపుగా వెనక టైరు మీదే పడుతుంది. అందుకే గాలి పెంచమనేది అక్కడ మాత్రమే.

ముందు టైరు 60 కిలోలు మోస్తోందనుకుందాం. 22 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒకటిన్నర కిలోలు. ఆ లెక్కన టైరు నేలకు ఆనే జాగా 39 చదరపు సెంటీమీటర్లు. 35 కొట్టిస్తే అది 24కు కుంచించుకుపోతుంది. టైరు గోడల బిగువును పక్కన పెట్టి వేసిన మోటు లెక్కే అనుకోండి. అయినా జరిగేది అదే: బిర్రుగా ఉన్న టైరు రోడ్డు ఎగుడుదిగుళ్లకు ఒదగదు, ఎగిరెగిరి పడుతుంది. ఇసుక మీదో, తడిసిన తెల్లగీత మీదో బ్రేకు వేస్తే ముందు చక్రం పట్టు తప్పుతుంది. వెనకది జారితే తోక ఊగుతుంది, బ్రేకు వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది. ముందుది జారితే ఆ వ్యవధి ఉండదు, బండి అక్కడికక్కడే పడిపోతుంది.

చక్రం చిన్నదవడంతో ఈ బాధ ఇంకా పెరుగుతుంది. అడుగు వెడల్పు గుంతలోకి నెమ్మదిగా దిగినా 10 అంగుళాల రిమ్ము చక్రం ఆరు సెంటీమీటర్లు కూరుకుంటుంది. 18 అంగుళాల బైకు చక్రం నాలుగే. అంత లోతు నుంచి అంచును ఢీకొని ఎక్కాలి. ఆ దెబ్బకు టైరు క్షణంపాటు నేలను వదిలేస్తుంది. ఇటీవలి యాక్టివాల్లో ముందు చక్రం 12 అంగుళాలకు పెరిగింది, మంచిదే. వెనకది 10 దగ్గరే ఉండిపోయింది.

అరుగుదలా అంతే. కిలోమీటరుకు 10 అంగుళాల చక్రం సుమారు 730 చుట్లు తిరిగితే, 18 అంగుళాలది 520 లోపే. ప్రతి ముక్కా ఎక్కువసార్లు నేలకు రాసుకుంటుంది. పైగా వెనకదానికి బరువుతోపాటు బండిని లాగే పనీ ఉంది, కాబట్టి ముందు అరిగేది అదే. నడుమ మాత్రమే చదునైతే గాలి ఎక్కువైందేమో చూడాలి. రెండంచులూ అరుగుతుంటే తక్కువైనట్టే. అప్పుడు మలుపులో వెనక భాగం తేలిపోతున్నట్టుంటుంది.

గాలి చూసుకోవాల్సింది బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. తిరిగొచ్చాక రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగింది, తీయించకూడదు. రెండో మనిషి దిగిన ప్రతిసారీ 36 నుంచి 29కి దించే ఓపిక ఎవరికుంటుంది? రోజూ ఇద్దరు వెళ్లేవాళ్లు వెనక 36 ఉంచుకోవచ్చు, ఎప్పుడైనా ఒంటరిగా వెళ్తే నడుమ కాస్త ఎక్కువ అరుగుతుంది, అంతే. ముందు మాత్రం ఎవరెక్కినా 22.