కరెంటు పోయినా సెట్టింగు పోకూడదు

బోరు దగ్గర ఇనుప పెట్టెలో ఉండే ఆటో స్టార్టర్ గుర్తుంచుకోవాల్సినవి పెద్దగా ఏమీ ఉండవు. నీళ్లు అందనప్పుడు ఎన్ని ఆంపియర్ల దగ్గర మోటారు ఆపాలి, లోడు ఎక్కువైతే ఎక్కడ ఆపాలి, కరెంటు వచ్చాక ఎన్ని సెకన్లు ఆగి ఆన్ చేయాలి, ఇప్పటిదాకా మోటారు ఎన్ని గంటలు తిరిగింది. ఈ నాలుగు అంకెలకూ పది బైట్లు చాలు. ఆ పది బైట్లను ఏళ్ల తరబడి పోకుండా దాచడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. ఆ పెట్టె పనిచేసే చోట కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు మరి.

తప్పుగా రాసిన ప్రోగ్రాం ఉన్న స్టార్టర్‌లో జరిగేది ఇది. రైతు ఆన్ డిలే 60 సెకన్లు పెట్టుకుంటాడు. నెలల తరబడి బాగానే నడుస్తుంది. ఒకరోజు కరెంటు రెండుమూడు సార్లు వచ్చిపోయాక చూస్తే తెర మీద 60 ఉండాల్సిన చోట 65535 కనబడుతుంది. మోటారు ఆన్ కాదు. బోర్డు కాలిపోయిందనుకుని మార్చేస్తారు. నిజానికి బోర్డుకు ఏమీ కాలేదు. 65535 అంటే పదహారు బిట్లూ ఒకట్లే ఉన్న అంకె. చెరిపేసి, మళ్లీ ఏమీ రాయని ఫ్లాష్ మెమరీని చదివితే వచ్చేది అదే. పాపం ఆ స్టార్టర్ తనకు చెప్పినట్టే 65535 సెకన్లు, అంటే 18 గంటల 12 నిమిషాలు, ఆగి చూస్తోంది.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే ఫ్లాష్ స్వభావం కొంచెం తెలియాలి. జపాన్‌లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువొక 1984లో ప్రపంచానికి పరిచయం చేసిన మెమరీ ఇది. ఒక్కో బిట్‌కు ఒక చిన్న ట్రాన్సిస్టరు. అందులో చుట్టూ ఆక్సైడ్ పొరతో మూసేసిన ఒక గది. ఎలక్ట్రాన్లను ఆ గదిలోకి నెడితే బిట్ సున్నా అవుతుంది, బయటికి లాగేస్తే ఒకటి అవుతుంది. కరెంటు లేకపోయినా ఎలక్ట్రాన్లు లోపలే ఉంటాయి కాబట్టి రాసింది నిలుస్తుంది. ఒకటిని సున్నా చేయడం ఎక్కడ కావాలంటే అక్కడ చేయొచ్చు. సున్నాను తిరిగి ఒకటి చేయాలంటే మాత్రం పేజీ మొత్తం ఒకేసారి చెరపాలి. 60ని 90గా మార్చాలన్నా ఇదే తంతు. అలా చెరిపిన ప్రతిసారీ ఎక్కువ వోల్టేజీ పడి ఆ పలచటి ఆక్సైడ్ పొర కాస్త దెబ్బతింటుంది.

ఒక చిప్‌ను దగ్గరగా చూద్దాం. చిన్న కంట్రోలర్లలో విరివిగా వాడే STM32F103 తీసుకుంటే, 64 కిలోబైట్ల రకంలో ఒక్కో పేజీ 1 కిలోబైట్. పేజీ చెరపడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు బైట్లు రాయడానికి పట్టేది సుమారు 50 మైక్రోసెకన్లే. ఒక్కో పేజీని 10,000 సార్లు చెరపొచ్చని తయారీదారు హామీ ఇస్తారు. అది దాటగానే చిప్ ఆగిపోతుందని కాదు. ఆ తర్వాత కొన్ని బిట్లు చెరిపినా చెరగవు, రాసింది ముందే కారిపోతుంది. ఏ బిట్, ఎప్పుడు అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

పదివేలు పెద్ద అంకెలాగే కనబడుతుంది. మోటారు తిరిగిన గంటల లెక్క పోకూడదని నిమిషానికోసారి పేజీ చెరిపి రాస్తే, పదివేల నిమిషాలంటే ఏడు రోజులు కూడా నిండవు. రైతు ఇంకా డబ్బు కట్టడం పూర్తికాకముందే హామీ అయిపోతుంది. ఖరీదైన వస్తువులకూ ఈ బాధ తప్పలేదు. టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ పాత కార్లలో 8 గిగాబైట్ల ఫ్లాష్ నిరంతరపు రాతలకు అరిగిపోయి తెరలు పనిచేయడం మానేశాయి. వెనక కెమెరా దృశ్యం కూడా కనబడకపోవడంతో 2021లో అమెరికాలో సుమారు 1,35,000 కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

అరుగుదలకు మందు పాతదే. చిట్టా పుస్తకంలో పాత పద్దును ఎవరూ రుద్ది చెరపరు, కింద కొత్త వరుస రాస్తారు. ఫ్లాష్‌లోనూ అదే పని. సెట్టింగులన్నీ కలిపి ఒక పద్దుగా కట్టి, మార్పు వచ్చినప్పుడల్లా పేజీలో తర్వాతి ఖాళీ చోట రాయాలి. మన స్టార్టర్‌కు పద్దు ఇలా ఉంటుంది:

```c
struct rec {
  uint32_t seq;
  uint32_t hours;
  uint16_t dry, over, delay;
  uint16_t crc;
};
```

`seq` వరుస సంఖ్య, పద్దు పద్దుకూ ఒకటి పెరుగుతుంది. `hours` తిరిగిన గంటలు, తర్వాతి మూడూ రైతు పెట్టుకున్న అంకెలు. చివరిది `crc`, పైన ఉన్న పద్నాలుగు బైట్ల నుంచి లెక్కకట్టిన సరిచూపు అంకె. మొత్తం 16 బైట్లు. 1 కిలోబైట్ పేజీలో 64 పద్దులు పడతాయి. మొదటి చోటు పేజీ గుర్తుకు వదిలితే 63 మిగులుతాయి. రెండు పేజీలు వంతులవారీగా వాడితే, చెరపకుండానే ఒక్కో పేజీకి 63 సార్లు రాయొచ్చు. రెండు పేజీలకు పదేసి వేల సార్ల చొప్పున మొత్తం 12,60,000 రాతలు వస్తాయి. నిమిషానికోసారి రాసినా రెండేళ్ల పైచిలుకు. గంటల లెక్కను పావుగంటకోసారి రాస్తే చాలనుకుంటే దాదాపు 36 ఏళ్లు, అంటే మోటారు కంటే ఎక్కువ కాలం. బటన్ నొక్కిన ప్రతిసారీ రాయకుండా, చివరి నొక్కు తర్వాత ఐదు సెకన్లు ఆగి, విలువ నిజంగా మారితేనే రాయడం దీనికి తోడు. 60 నుంచి 90కి పోవడానికి ముప్పై నొక్కులు పడితే ముప్పై పద్దులు ఎందుకు?

ఇక కరెంటు సంగతి. పద్దు రాయడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. అయినా సరిగ్గా ఆ మధ్యలో కరెంటు పోవచ్చు. అందుకే `crc`ని అన్నిటికన్నా చివర రాస్తారు. మళ్లీ కరెంటు వచ్చాక ప్రోగ్రాం ప్రతి పద్దునూ లెక్కకట్టి చూస్తుంది. సరిచూపు అంకె కుదరనిది సగం రాత కాబట్టి వదిలేస్తుంది, కుదిరినవాటిలో వరుస సంఖ్య పెద్దదాన్ని తీసుకుంటుంది. రైతుకు చివరి మార్పు ఒక్కటి పోతుందేమో గానీ దాని ముందున్నవన్నీ భద్రం. సగం రాసిన చోటును తిరిగి వాడకూడదు, దాన్ని దాటి తర్వాతి ఖాళీలోకి వెళ్లాలి.

అసలు చిక్కు పేజీ నిండినప్పుడు వస్తుంది. 65535 పుట్టేది ఇక్కడే. తొందరపడే ప్రోగ్రాం ముందు చెరిపేసి తర్వాత రాస్తుంది. ఆ 40 మిల్లీసెకన్లలో కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. సరైన వరుస దీనికి తలకిందులు. ‘అ’ పేజీ నిండిందనుకుందాం, ‘ఆ’ పేజీ ముందే చెరిపి సిద్ధంగా ఉంది. కొత్త పద్దును ‘ఆ’లో మొదటిదిగా రాయాలి. చదివి, సరిగా పడిందని చూసుకోవాలి. అప్పుడే ‘అ’ను ముట్టుకోవాలి. ఏ క్షణంలో కరెంటు పోయినా రెండింటిలో ఒకదానిలో నిండైన పద్దు ఒకటి ఉంటుంది.

ఇంతవరకు చాలామంది సరిగానే చేస్తారు. వదిలేసేది దీని తర్వాతి మెట్టు. ‘అ’ను చెరుపుతుండగా కరెంటు పోతే ఎలక్ట్రాన్లు సగమే బయటికొచ్చి ఉంటాయి. ఆ పేజీని చదివితే అన్నీ ఒకట్లలాగే కనబడొచ్చు, రేపు వేడికో వోల్టేజీకో కొన్ని సున్నాలుగా మారొచ్చు. చూసి నమ్మడానికి లేదు. అందుకే మొదట్లో వదిలిన గుర్తు చోటు. చెరపడం మొదలుపెట్టే ముందు పాత గుర్తు మీద 0000 రాసి దాన్ని చంపాలి. ఈ చిప్ రాసినదాని మీద మళ్లీ రాయనివ్వదు గానీ 0000 రాయడానికి మాత్రం ఒప్పుకుంటుంది. తర్వాత చెరపాలి. పూర్తిగా చెరిగాకే కొత్త గుర్తు పెట్టాలి. కరెంటు వచ్చాక గుర్తు లేని పేజీ కనబడితే, అది ఎంత శుభ్రంగా కనబడినా సరే, మళ్లీ చెరపాలి. ఒక చెరుపు అదనంగా ఖర్చవుతుంది, అయితే ఏం?

సగంలో ఆగే ప్రమాదం `crc` రాసేటప్పుడూ ఉంది. ఆ చివరి రెండు బైట్లు బలహీనంగా పడితే ఈ రోజు సరిగా చదివి రేపు తప్పు చదవొచ్చు. కరెంటు వచ్చినప్పుడు దొరికిన తాజా పద్దును తర్వాతి చోట మరోసారి రాసేయడం దీనికి విరుగుడు. రోజుకు ఇరవై సార్లు కరెంటు పోయినా పన్నెండు లక్షల్లో అది లెక్కలోకే రాదు.

వోల్టేజీ పడిపోతున్నప్పుడు అసలు రాత మొదలుపెట్టకపోవడం ఇంకా మంచిది. బోర్డులో 12 వోల్టుల సరఫరా మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి, బోర్డు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, 12 నుంచి 5 వోల్టులకు దిగడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది. 12 వోల్టులు తగ్గడం మొదలవగానే కనిపెడితే చివరి గంటల లెక్క రాసుకోవడానికి అది కావాల్సినంత సమయం. రిలే ఇంకా పట్టుకుని ఉంటే ఈ లెక్క తగ్గిపోతుంది, అందుకే ముందు రిలేను వదిలేయాలి. చిప్‌కు అందే 3.3 వోల్టులు పడేదాకా ఆగితే మాత్రం ఆలస్యమైపోతుంది.

కొందరు ఎఫ్‌ర్యామ్ చిప్ పెట్టేస్తారు. దానికి చెరుపే లేదు, లక్ష కోట్లకు పైగా రాతలు తట్టుకుంటుంది. అరుగుదల బాధ పోతుంది గానీ పద్దు మధ్యలో కరెంటు పోవడం పోదు. సరిచూపు అంకె, రెండు ప్రతులు అక్కడా కావాల్సిందే.

ఇదంతా నిజంగా పనిచేస్తుందో లేదో తేలేది పరీక్షలోనే. చిప్‌కు కరెంటు ఇచ్చే తీగలో ఒక స్విచ్ ట్రాన్సిస్టరు పెట్టి, రాత మొదలైన 50 మైక్రోసెకన్లకు ఒకసారి, 100కు ఒకసారి, అలా చెరుపు ముగిసేదాకా జరుపుకుంటూ కరెంటు కోసేయాలి. ప్రతి కోత తర్వాత లేపి, వచ్చిన అంకెలు పాతవో కొత్తవో చూడాలి. పాతవైనా మంచిదే, కొత్తవైనా మంచిదే. మూడోది ఒక్కసారి కనబడినా ప్రోగ్రాం ఇంకా కాలేదని అర్థం. స్టార్టర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపులకూ ఇది అందుబాటులో ఉన్న పరీక్షే. ఇది చేయని బోర్డును పొలానికి పంపకండి.

పెట్టె కొన్నవారు చేయగలిగింది రెండు పనులు. సెట్టింగు మార్చాక పది సెకన్లు ఆగి మెయిన్ దించండి. పెట్టిన అంకెలను తలుపు లోపలి వైపు పెన్నుతో రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా తెర మీద 65535 కనబడితే బోర్డు మార్చే ముందు ఆ అంకెలు మళ్లీ ఎక్కించి చూడండి.