గుక్క తిప్పని అభినందన

జిల్లా పోటీలో గెలిచిన జట్టు కప్పుతో ఊరు చేరిన నాడు రచ్చబండ దగ్గర గాని, బడి ఆవరణలో గాని ఒక సభ జరుగుతుంది. పూలదండలు పడతాయి. పెద్దలు మాట్లాడతారు. తరువాత తెలుగు మాస్టారి వంతు వస్తుంది. ఆయన లేచి, అంచులకు రంగు కాగితం అంటించిన సన్మాన పత్రం చదవనారంభిస్తారు. "క్రీడారంగ ధురీణులారా, దిగంత విశ్రాంత యశోవిరాజితులారా" అని సమాసాలు సాగుతూ ఉంటే, ఎవరిని గూర్చి చదువుతున్నారో ఆ కుర్రవాళ్ళే దిక్కులు చూస్తూ నిలబడతారు. పత్రం పటం కట్టి గోడకెక్కుతుంది. మరునాటికి ఒక్క మాటయినా ఎవరి నోటా మిగలదు.

ఇందులో మాస్టారి పాండిత్యానికి లోపమేమీ లేదు. లోపం నడకలో ఉన్నది. ఆ కుర్రవాళ్ళు గెలిచిన ఆట ఊపిరి మీద నడిచే ఆట. కూతకు వెళ్ళినవాడు నడిమి గీత దాటినది మొదలు తిరిగి వచ్చేవరకు గుక్క తిప్పకుండా కూయవలె. కూత తెగితే వంతు పోయినట్లే. నేటి నిబంధనల ప్రకారం అతనికి దొరికే వ్యవధి 30 సెకండ్లు. అటువంటి ఆటను శార్దూలవిక్రీడితంలో పొగడబూనితే మొదటనే మూడు గురువులు అడ్డు నిలుస్తాయి. పేరులో పులి ఉన్నా ఆ పద్యం దర్బారులో అడుగులు లెక్కపెట్టి నడిచే పులి. గీత మీదినుంచి దూకే పులి కాదు. ముత్యాల సరాలలోని మూడు, నాలుగు మాత్రల కలయిక కథ చెప్పడానికి హాయి అయినది గాని, దానిలోని ఊగులాట ఈ పరుగుకు చాలదు.

మరి ఈ ఆటకు తగిన నడక ఎక్కడ దొరుకుతుంది? ఆట పేరులోనే దొరుకుతుంది. తెలుగు పల్లెలలో దీని పాత పేరు చెడుగుడు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్న లెక్కతో చూస్తే 'చెడుగుడు' నాలుగు లఘువులు, నాలుగు మాత్రలు. తమిళుల 'సడుగుడు' కూడా అంతే. చిన్న చిన్న అడుగులతో బరి అంచున తచ్చాడే ఆటగాని కాళ్ళ సవ్వడి అందులో ఉన్నది. పోటీల ద్వారా దేశమంతటా స్థిరపడి, 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకాల ఆటగా చేరిన పేరు మాత్రం కబడ్డీ. ఇది ఒక లఘువు, రెండు గురువులు. యగణం, అయిదు మాత్రలు. మహారాష్ట్రలో ఇటువంటి ఆటకే ఉన్న 'హుతూతూ' అన్న పేరును గణించి చూసినా యగణమే వస్తుంది.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. మాత్రా ఛందస్సులో లఘువు పైన వెంటనే గురువు వచ్చే ఆరంభాన్ని 'ఎదురు నడక' అంటారు. తాళానికి అది అడ్డు తగులుతుందని కవులు సాధారణంగా దానిని తప్పిస్తారు. 'రామయ్య' అన్నప్పుడు చేతి తాళం రెండు, మూడుగా, 'తక తకిట' అని సుఖంగా పడుతుంది. 'కబడ్డీ' అన్నప్పుడు అది తిరగబడి 'తకిట తక' అవుతుంది. ఛందస్సుకు దోషమైన ఈ ఎదురు నడకయే ఆటకు ప్రాణం. కూతగాడు చేసేది ఎదుటి బరిలోనికి ఎదురు నడవడమే గదా! కాబట్టి అభినందన వ్రాసేవాడు ఆ మాటను ఒక్క చోట, దూకేచోట, నిలిపి, మిగిలిన పద్యమంతటా ఎదురు నడక రాకుండా కాచుకొంటే చాలు. ప్రతి పాదంలోను 'కబడ్డీ' చల్లితే దూకుడు పోయి తొట్రుపాటు మిగులుతుంది. తప్పు పట్టడానికి చెవి చాలదనుకొంటే చప్పట్లు కొట్టుతూ చదవవలె. అక్షరం లేనిచోట చప్పట్లు పడితే పాదం అక్కడ కుంటినదని అర్థం.

ఈ పద్ధతిలో కట్టిన అభినందన ఒకటి చూడవచ్చు. ఊరు ఏదయినా కావచ్చు; చెరువు, కంచె, బడి ఉంటే చాలును. మొదటి నాలుగు పాదాలు చెడుగుడు నడక, తరువాతి పన్నెండు కబడ్డీ నడక.

చెడుగుడు చెడుగుడు చెరువుకు దిగువన
విడిచిన చొక్కా విరిగిన కంచెన
పొద్దున పలకల పొందిక ఒరవడి
ఎద్దులు చేరిన ఇరుగడ సందడి

కబడ్డీ కబడ్డీ కదలె మన కుర్రాడు
గబగబా గీతపై కాలుంచె మొనగాడు
మూలలో నక్కాడు ముంగిలా రామయ్య
కాలు పట్టాడంటె కదలునా కొండయ్య?
చేయి చేయీ కలిపి చేను కంచెగ నిలిచి
పాయలో చేపలా పట్టారు బరి గెలిచి
నీళ్ళకుండను మోసి నిలిచె మన వెంకన్న
గోళ్ళు కొరికాడులే గొంతెండి మాయన్న
ఓడినా ఎదిరి జట్టొక గుక్కె తగ్గింది
వేడిగా మాయింట విస్తరే వేసింది
గుక్క తిప్పక కూసి గూటికే వచ్చేరు
చుక్కలకు వినిపించి చొక్కాలు వేసేరు

రెండేసి పాదాలకు రగడలో వలె ప్రాస, అంత్యప్రాస ఉన్నవి. మూడవ గణం మొదట యతి ఉన్నది. అయిదు మాత్రల పాదానికి నాలుగు గణాలు, అంటే 20 మాత్రలు. పన్నెండు పాదాలకు 240. సెకండుకు ఎనిమిది మాత్రల చొప్పున చురుకుగా చదివితే సరిగా 30 సెకండ్లు, ఒక కూతకు ఇచ్చే వ్యవధి. రెండు పాదాలకు అయిదు సెకండ్లు పడుతుంది. అది ఒక్క గుక్కలో చదవదగినది. ఊపిరి తీయడం రెండేసి పాదాల మధ్యనే గాని పాదం నడుమ కూడదు. సభలో ఒక కుర్రవాని చేతికి గడియారమిచ్చి నిలబెడితే మాస్టారే కూతకు వెళ్ళినట్లవుతుంది. పిల్లలకు ఇంతకంటె నవ్వు తెప్పించేది ఉండదు.

నవ్వు సరే. ఈ పద్యం ఎక్కడ గాయం చేస్తుందో కూడా చూడవలె. ఆట చూసే జనం కన్ను ఎప్పుడూ కూతగాని మీదనే ఉంటుంది. వ్రాసేవాని కలమూ అటే పరుగెత్తుతుంది. పట్టు పట్టేవాళ్ళను ఎవరూ తలవరు. చేతులు కలిపి గొలుసుగా నిలబడి, వచ్చినవాని కాలో నడుమో పట్టి ఆపితే వారి జట్టుకూ ఒక పాయింటు వస్తుంది. ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు పట్టితే నేటి నిబంధనల ప్రకారం మరొకటి అదనం. జిల్లా పోటీలో గెలిచిన జట్టు ఆ పట్టులు లేక గెలిచి ఉండదు. అందుకే పై పద్యంలో కూతగానికి ఒక జంట పాదాలే దక్కినవి. మూలలో నిలిచినవానికి ఒకటి, గొలుసుకు ఒకటి.

బరిలో దిగేది ఏడుగురు. బయట కూర్చున్నవాళ్ళు ఇంకా ఉంటారు. వారిలో ఒకనికి పోటీ అంతటా ఒక్క నిమిషమయినా ఆడే అవకాశం రాకపోవచ్చు. సన్మాన సభలో అందరితోపాటు వరుసలో నిలబడి, తన ప్రసక్తి లేకుండానే పద్యం ముగియడం వినేవాడు అతడే. తల్లి అదే సభలో ఎక్కడో కూర్చొని ఉంటుంది. నీళ్ళకుండ మోసిన వెంకన్న గొంతే ఎండిపోయిందన్న మాటకు జనం నవ్వుతారు. ఆ నవ్వులో అతడు జట్టులో ఒకడవుతాడు. అయితే ఆ ఎగతాళి మనిషి చేసిన పని మీద ఉండవలెనే గాని ఒంటి మీదికి పోకూడదు. ఊళ్ళో పిలిచే వెక్కిరింత పేర్లు అయిదు మాత్రలకు సరిపోయినా సరే, వేదిక మీద పనికిరావు. మైదానంలో మిత్రుల నోట చెల్లిన మాట మైకులో చెల్లదు.

పేర్లు నడకలో ఇమడవేమోనన్న బెంగ చాలమందికి ఉంటుంది. నిజానికి ఊరు పిలిచే పేర్లు ఈ నడకకే పుట్టినట్లుంటవి. రామయ్య, కోటయ్య, సూరన్న, వెంకన్న అన్నీ రెండు గురువులు, ఒక లఘువు, అయిదేసి మాత్రలు. ఆడపిల్లల జట్టయితే లక్ష్మమ్మ ఉన్నది. బడి రిజిస్టరులోని సుబ్బారావు ఏడు మాత్రలతో పాదాన్ని పగలగొడతాడు గాని, ఇంట్లో వాళ్ళమ్మ పిలిచే సుబ్బన్న చక్కగా కూర్చుంటాడు. ఏ పిలుపు వాడాలో ఆ కుర్రవానినే ముందుగా అడిగితే మంచిది. అడగకుండా కుదించిన పేరు కొందరికి చిన్నతనంగా తోస్తుంది.

జంట పాదాలలో ఎనిమిది గణాలకు చోటు ఉన్నది, ఆటగాళ్ళు ఏడుగురు. మిగిలిన ఎనిమిదవ చోటికి తగిన మాటను లెక్కే అందిస్తున్నది, 'ఏడుగురు'. అదీ అయిదు మాత్రలే:

రామయ్య కోటయ్య రాజన్న సూరన్న
సోమయ్య లింగన్న సుబ్బన్న ఏడుగురు

ఇక్కడ అంత్యప్రాస పోయింది, పోనీయవలసినదే. ప్రాస కోసం సూరన్నను 'సూరుగురు' చేసే కవికి బరిలో పని లేదు. ప్రాసయతులు కూడా ఈ పేర్లకు కుదిరినవి గనుక కుదిరినవి. మరొక జట్టుకు కుదరకపోతే నడక ఒక్కటి నిలిస్తే చాలును.

ఈ రెండు పాదాలను 30 సెకండ్ల లెక్కలో చేర్చకూడదు. చేరిస్తే వ్యవధి దాటి మాస్టారు ఔటవుతారు. పైగా పేరును గబగబా చదివితే చప్పట్లకు చోటు ఉండదు. గడియారం ఆపిన తరువాత డప్పువానికి సైగ చేసి, ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క దెబ్బ పడేటట్లు నిదానంగా చదవవలె. పేరు విన్నవాడు ఒక అడుగు ముందుకు వేస్తాడు. 'ఏడుగురు' అన్న మాటకు డప్పు గట్టిగా మోగుతుంది. అప్పటికే నవ్వులపాలై నీళ్ళకుండ పక్కన నిలబడిన వెంకన్నను ఎవరో ఒకరు ముందుకు తోస్తారు.