90 డిగ్రీల దగ్గర మిగిలిన వెలుగు

డిగ్రీ రెండో సంవత్సరంలో మాలస్ నియమం ప్రయోగం చేశాను. బల్లకు ఒక కొసన ఫిలమెంటు బల్బు, రెండో కొసన వెలుగును కొలిచే ఫొటోడయోడ్, మధ్యలో రెండు పోలరాయిడ్ ఫిల్టర్లు. బల్బు వైపు ఫిల్టర్‌ను కదపకుండా ఉంచి, రెండోదాన్ని పదేసి డిగ్రీలు తిప్పుతూ మీటరు రీడింగు రాసుకోవాలి. రెండు ఫిల్టర్ల మధ్య కోణం 90 డిగ్రీలైతే మీటరు సున్నా చూపాలని పుస్తకంలో ఉంది. మా మీటరు చూపలేదు. ముల్లు సున్నాకు చాలా దూరంలోనే ఆగిపోయింది.

నేను ఆ మిగిలిన అంకెను అన్ని రీడింగుల్లోంచి తీసేశాను. గ్రాఫు గీస్తే గీత మీద గీతలా కుదిరింది. సంతోషంగా రికార్డులో ‘గదిలోని వెలుగును సవరించాను’ అని రాశాను. మా లెక్చరరు గారు అది చదివి, బల్బు ఆర్పకుండానే నల్ల అట్టముక్క ఒకటి తెచ్చి మొదటి ఫిల్టర్ ముందు అడ్డం పెట్టారు. ముల్లు ఇంకా కిందికి దిగింది.

“గది వెలుగంటే ఇదీ. నువ్వు తీసేసింది దీనికి మూడింతలుంది. ఆ మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న అర్థం కావాలంటే ముందు ఆ రెండు ఫిల్టర్లు ఏం చేస్తాయో చూడాలి.

వెలుగు అల లాంటిది. అది ముందుకు సాగుతుంటే అందులోని విద్యుత్ క్షేత్రం ప్రయాణ దిశకు అడ్డంగా ఊగుతుంటుంది. బల్బు వెలుగులో ఈ ఊపు అన్ని దిశల్లోనూ కలగాపులగంగా ఉంటుంది. పోలరాయిడ్ రేకు ఒక దిశలోని ఊపును మాత్రమే పోనిచ్చి, దానికి అడ్డంగా ఉన్నదాన్ని మింగేస్తుంది. అలా ఒకే దిశలో ఊగే వెలుగును ధ్రువిత కాంతి అంటారు. ఇప్పుడది రెండో రేకును చేరుతుంది. రెండో రేకు దారి వేరే కోణంలో ఉంటే, ఆ దారి వెంబడి పడే భాగమే బయటికి వస్తుంది. బండిని తిన్నగా కాకుండా పక్కకు వాలిన తాడుతో లాగితే బలంలో కొంత భాగమే దారి వెంట పనిచేసినట్టు. ఆ భాగం cos θ.

మరి వర్గం ఎందుకు వచ్చింది? సెన్సర్ కొలిచేది ఊపును కాదు, అది మోసుకొచ్చే శక్తిని. ఉయ్యాల ఊపు సగమైతే దాని శక్తి సగం కాదు, పావు అవుతుంది. వెలుగుకూ అంతే. కోణం 60 డిగ్రీలైతే ఊపు సగం, సెన్సర్‌కు చేరే వెలుగు పావు. సూత్రంగా రాస్తే:

I = I₀ cos²θ

ఈ నియమానికి పేరిచ్చిన ఎటియెన్ లూయీ మాలస్ ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లి ప్లేగు బారిన పడి బతికినవాడు. 1808లో పారిస్‌లో తన ఇంటి నుంచి, లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద మెరుస్తున్న సాయంకాలపు సూర్యుణ్ణి ఒక కాల్సైట్ స్ఫటికంలోంచి చూశాడు. ఆ స్ఫటికంలో ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తుంది. స్ఫటికాన్ని తిప్పుతుంటే రెండు ప్రతిబింబాల్లో ఒకటి మసకబారి, రెండోది వెలగడం గమనించాడు. అప్పటికి పోలరాయిడ్ రేకులూ లేవు, కాంతి సెన్సర్లూ లేవు. మన పని అంతకన్నా తేలిక, కానీ సెన్సర్‌కు ఒక గుణముంది. కన్నులా అది తనకు కావలసిన వెలుగును ఎంచుకోదు. కిటికీలోంచి వచ్చింది, గోడకు తగిలి తిరిగొచ్చింది, పక్కవాడి తెల్లచొక్కా మీంచి వచ్చింది, అన్నిటినీ కలిపి ఒకే అంకెగా చెబుతుంది. ఫిల్టర్ల దారి కాక వేరే దారిన సెన్సర్‌ను చేరే ఈ వెలుగును పరాయి వెలుగు అందాం.

ఇది చేసే చెరుపు అన్ని కోణాల్లో ఒకేలా ఉండదు. లెక్క కోసం ఒక నమూనా రీడింగుల వరస తీసుకుందాం. చిన్న ఎల్‌ఈడీ దీపం, లక్సుల్లో కొలిచే సెన్సర్. రెండు ఫిల్టర్ల దారులూ ఒకటైనప్పుడు 412 లక్సులు, 45 డిగ్రీల దగ్గర 227, 60 దగ్గర 134, 90 దగ్గర 40. వీటిని ఉన్నవున్నట్టుగా 412తో భాగిస్తే 60 డిగ్రీల దగ్గర 0.325 వస్తుంది. రావలసింది 0.25. అంటే నూటికి ముప్పై వంతుల తేడా. ఇది చూసినవాడు మాలస్ తప్పయినా చెప్పాలి, తన సెన్సర్ తప్పయినా చెప్పాలి.

ఇప్పుడు అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే రీడింగు 38 వచ్చిందనుకుందాం. పరాయి వెలుగు అదే. అన్ని రీడింగుల్లోంచీ 38 తీసేస్తే మొదటిది 374, 45 డిగ్రీలది 189, 60 డిగ్రీలది 96. నిష్పత్తులు 0.505, 0.257. రావలసిన 0.5కూ 0.25కూ ఇవి బాగా దగ్గర. తీసేసిన 38 అన్నిచోట్లా ఒకటే అయినా, 374 పక్కన అది పదో వంతు, 96 పక్కన ఐదింట రెండు వంతులు. వెలుగు తగ్గేకొద్దీ పరాయి వెలుగు పెత్తనం పెరుగుతుంది. అందుకే దీన్ని సవరించని గ్రాఫు పైభాగంలో నిజంలా కనబడి, అడుగున చెడిపోతుంది.

ఆ 38ని ఎలా కొలవాలన్నదే ఈ ప్రయోగంలో అసలు సంగతి. చాలామంది దీపం ఆర్పేసి రీడింగు తీసుకుంటారు. అలా చేస్తే గది వెలుగు తెలుస్తుంది గానీ, దీపం నుంచే బయలుదేరి బల్లకో గోడకో తగిలి, ఫిల్టర్ల పక్కనుంచి సెన్సర్‌లోకి దూరే వెలుగు లెక్కలోకి రాదు. దీపం ఆరగానే అదీ పోతుంది కదా. ఇక నేను చేసినట్టు 90 డిగ్రీల రీడింగునే పరాయి వెలుగనుకోవడం రెండో పద్ధతి. ఇందులో చిక్కు మరీ లోతైనది. 90 దగ్గర సున్నా రావాలన్నది నియమం చెప్పే మాట. దాన్ని పరీక్షించడానికి కూర్చుని, ఆ రీడింగును మనమే సున్నా చేసేస్తే అక్కడ పరీక్షించడానికి ఏమీ మిగలదు.

మా లెక్చరరు గారి అట్టముక్క పద్ధతి ఈ రెండిటికన్నా మేలని నేను ఇప్పటికీ నమ్ముతాను. దీపం వెలుగుతూనే ఉండాలి. ఫిల్టర్లూ సెన్సరూ కదలకూడదు. మెరుపు లేని నల్ల అట్టను సరిగ్గా ఫిల్టర్ పరిమాణానికి కత్తిరించి మొదటి ఫిల్టర్ ముందు ఆనించాలి. అప్పుడు ఫిల్టర్ల లోంచి పోయే దారి ఒక్కటే మూసుకుంటుంది, పక్కదారులన్నీ దాదాపు ఎప్పటిలాగే ఉంటాయి. అట్ట మరీ పెద్దదైతే పక్కదారులను కూడా మూసి, పరాయి వెలుగును తక్కువ చేసి చూపుతుంది. మబ్బు పట్టినా, ఎవరైనా దగ్గరికొచ్చి నిలబడినా ఈ రీడింగు మారుతుంది కాబట్టి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి తీసుకోవాలి. మూడూ ఒకదానికొకటి దూరంగా ఉంటే ఆ వరసను పక్కన పెట్టేసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. సెన్సర్ చుట్టూ నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుడితే తీసివేయాల్సిన అంకే చిన్నదవుతుంది. చిన్న అంకెలో జరిగే పొరపాటూ చిన్నదే.

కోణం విషయంలోనూ ఒక మెలకువ కావాలి. ‘సున్నా డిగ్రీలు’ ఎక్కడో తెలుసుకోవడానికి మీటరు గరిష్ఠంగా ఉన్న చోటు వెతికితే మోసపోతాం. అక్కడ గీత బల్లపరుపుగా ఉంటుంది. ఐదు డిగ్రీలు పక్కకు జరిగినా వెలుగు నూటికి ఒక వంతు కూడా తగ్గదు. అదే 45 దగ్గర ఒక్క డిగ్రీ తప్పినా మొత్తంలో దాదాపు రెండు శాతం మారిపోతుంది. అందుచేత గీత నిటారుగా దిగే చోటునే వాడుకోవాలి. గరిష్ఠానికి ఒకవైపు ఏదో ఒక రీడింగు, ఉదాహరణకు 227 వచ్చే కోణం రాసుకుని, రెండోవైపు కూడా అదే 227 వచ్చేదాకా తిప్పాలి. ఆ రెండు కోణాలకూ నట్టనడిమి కోణమే అసలైన సున్నా.

తిప్పేది మాత్రం సెన్సర్ వైపు ఫిల్టర్‌నే. దీపానికి బదులు మొబైల్ తెరనో లేజర్ పాయింటర్‌నో వాడితే వాటి వెలుగు ముందే ధ్రువితమై ఉండొచ్చు. అప్పుడు మొదటి ఫిల్టర్‌ను తిప్పితే మొత్తం వెలుగే హెచ్చుతగ్గులవుతుంది.

సెన్సర్ నిజాయితీని కూడా ఒకసారి పరీక్షించాలి. వెలుగు రెట్టింపైతే రీడింగూ రెట్టింపవుతోందా? చౌకగా దొరికే ఎల్‌డీఆర్ నిరోధం వెలుగుతో అలా సరిసమానంగా మారదు. ఫొటోడయోడ్ కరెంటు మారుతుంది. తెలుసుకోవడానికి రెండు చిన్న దీపాలు చాలు. ఒకటి వెలిగించి ఒక రీడింగు, రెండోది వెలిగించి ఒకటి, రెండూ కలిపి ఒకటి. పరాయి వెలుగు తీసేశాక మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. రాకపోతే ఎన్ని సవరణలు చేసినా cos² దొరకదు.

ఇక ఆనాటి ప్రశ్నకు జవాబు. మాది ఫిలమెంటు బల్బు. దాని శక్తిలో ఎక్కువ భాగం కంటికి కనిపించని పరారుణ కాంతి. అయోడిన్ పట్టించి సాగదీసి తయారుచేసే మామూలు పోలరాయిడ్ రేకు కనిపించే వెలుగుకే పనికొస్తుంది. పరారుణాన్ని అది ఎటు తిప్పినా ఇంచుమించు అలాగే వదిలేస్తుంది. సిలికాన్ ఫొటోడయోడ్‌కు మాత్రం పరారుణమంటే మహా మక్కువ. మా కళ్లకు అడ్డంగా ఉన్న ఫిల్టర్ల వెనక చీకటే కనిపించింది, మా సెన్సర్‌కు పట్టపగలు కనిపించింది. అది గది వెలుగు కాదు, ఫిల్టర్లలోంచే దర్జాగా నడిచొచ్చిన బల్బు వెలుగు. అట్ట పెట్టగానే ఆగిపోయింది కాబట్టే ఆ సంగతి బయటపడింది. అది ఏ కోణంలోనైనా దాదాపు ఒకటే కావడం వల్ల, తీసేస్తే నా గ్రాఫు కుదిరింది. గ్రాఫు సరైనదే, నేను రాసిన కారణం తప్పు. బల్బు మార్చి తెల్ల ఎల్‌ఈడీ పెడితే ముల్లు అట్ట రీడింగుకు దగ్గరగా వచ్చింది.

పై నమూనాలోనూ 90 డిగ్రీల దగ్గర 40 ఉంది, అట్టతో 38 ఉంది. రీడింగులను కోణంతో కాక cos²θతో గ్రాఫు గీస్తే తిన్నని గీత రావాలి. ఆ తిన్నదనమే నియమానికి సాక్ష్యం. పరాయి వెలుగు ఆ గీతను వంచదు, మొత్తంగా పైకి లేపుతుంది. గీత నిలువు అక్షాన్ని 40 దగ్గర తాకితే, అందులో 38 పరాయి వెలుగు. తక్కిన 2 లక్సులు రేకులు పూర్తిగా ఆపలేకపోయిన దీపం వెలుగు, 374లో రెండు వందో వంతుకు కాస్త ఎక్కువ. దాన్ని కంటితో చూడొచ్చు కూడా. గది చీకటి చేసి, అడ్డంగా పెట్టిన రెండు ఫిల్టర్లలోంచి తెల్ల ఎల్‌ఈడీ దీపాన్ని కాసేపు చూస్తే, చాలా రేకుల్లో ముదురు నీలం, ఊదా కలిసిన సన్నటి చుక్క ఒకటి వెలుగుతూ కనిపిస్తుంది.