అరవై టన్నులకు ఆరు లారీలు చాలవు

ఒక్కొక్కటి 6 టన్నులు తూగే యంత్రాలు పది ఉన్నాయనుకుందాం. లారీ మోయగలిగేది 10 టన్నులు. ఒకే లారీలో రెండు ఎక్కిస్తే 12 టన్నులవుతాయి కాబట్టి పది లారీలూ కావాల్సిందే. మనిషికి ఇది చూడగానే తెలుస్తుంది. కంప్యూటర్‌కు తెలుస్తుందా లేదా అన్నది మాత్రం లెక్కను రాసిచ్చిన తీరును బట్టి ఉంటుంది.

వస్తువులను వీలైనన్ని తక్కువ సమాన పెట్టెల్లో సర్దే ఈ సమస్యను బిన్ ప్యాకింగ్ అంటారు. దీన్ని రాసే సహజమైన పద్ధతికి సోవియట్ గణితవేత్త లియోనిద్ కంటరోవిచ్ పేరు పెట్టారు. j అనే లారీని వాడితే y_j విలువ 1, లేకపోతే 0. i అనే వస్తువు అందులోకి ఎక్కితే x_ij విలువ 1. ప్రతి వస్తువూ ఏదో ఒక లారీ ఎక్కాలి, ఏ లారీలోనూ బరువు మించకూడదు:

```
Σ_i w_i x_ij ≤ C y_j
```

ఈ లెక్కను నేరుగా సాధించడం కష్టం. అందుకని 0, 1 మాత్రమే అన్న నియమాన్ని సడలించి, మధ్యలోని భిన్నాలనూ ఒప్పుకుంటారు. అలా వచ్చిన జవాబు కన్నా తక్కువ లారీలతో పని కాదన్న హామీ దొరుకుతుంది.

చిక్కంతా ఆ హామీలోనే ఉంది. మన పది యంత్రాలను పది లారీల్లో ఒక్కొక్కటిగా పెట్టి, ప్రతి లారీనీ 0.6 వంతే వాడినట్టు రాస్తే నియమాలన్నీ నెరవేరతాయి. మొత్తం ఆరు లారీలే! నిజానికి ఈ సడలింపు చేసేది మొత్తం బరువును లారీ సామర్థ్యంతో భాగించడమే, అంతకు మించి ఏమీ లేదు. వస్తువులు సగం కన్నా కాస్త ఎక్కువ బరువుంటే అసలు జవాబు దాదాపు రెట్టింపు దాకా పోతుంది.

x_ij ≤ y_j అన్న నియమాన్ని చేర్చినా లాభం లేదు. ప్రతి యంత్రాన్నీ పది లారీల్లోకి పదో వంతు చొప్పున పంచితే మళ్లీ ఆరే వస్తుంది. దానికి తోడు లారీలన్నీ ఒకే రకం కనుక, నంబర్లు మార్చినంత మాత్రాన ఒకే సర్దుబాటు 36,28,800 రూపాల్లో ఎదురవుతుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది లారీలు చాలవని తేల్చడానికి కంప్యూటర్ వాటిలోనే తిరుగుతుంది.

1961లో గిల్మోర్, గొమొరి దీన్ని వేరే దారిన రాశారు. వాళ్ల పద్ధతిలో ఎంచుకునేది వస్తువుకు లారీని కాదు, ఒక లారీలో నిజంగా పట్టే పూర్తి అమరికను. మన ఉదాహరణలో ఒక లారీకి ఒక యంత్రం తప్ప వేరే అమరిక లేదు. అమరికలను భిన్నాల్లో వాడుకోనిచ్చినా జవాబు పదే.

అయితే మామూలు సరుకులకు అమరికలు కోట్లలో ఉంటాయి. అన్నీ ముందే రాయరు. కొన్నిటితో మొదలుపెట్టి, సడలించిన లెక్క ఒక్కో వస్తువుకు కట్టిన ధరను చూస్తారు. ఒక లారీలో పట్టే వస్తువుల ధరల మొత్తం 1 దాటితే ఆ అమరికను చేరుస్తారు. అలాంటిది ఇక దొరకనప్పుడు ఆపుతారు. ఈ సడలింపు ఇచ్చిన సంఖ్యను పై పూర్ణాంకానికి సవరిస్తే, అసలు జవాబు దానికన్నా ఒకటికి మించి ఎక్కువైన ఉదాహరణ ఇంతవరకు కనబడలేదు. ఎన్నటికీ కనబడదని రుజువూ లేదు.